శోషాసురుడు ఎక్కడికి పోయాడు

రిటైరవడానికి ఏడాదిన్నర ముందు, తమిళుల ఆడి మాసం మొదటి సోమవారం నాడు, మా యానిమేషన్ సంస్థ కోవిల్‌పట్టి శాఖలో సీనియర్ సీన్ రైటర్‌గా చేరాను. అంతకు ముందు ఉద్యోగమంతా చెన్నైలోనే. మా పుట్టిల్లు అరుప్పుకోట్టైలో. మగ్గాల ఇల్లు. ఇంట్లో అందరం తెలుగే మాట్లాడేవాళ్లం గాని ఎవరికీ అక్షరాలు రావు. చెన్నైలో డబ్బింగ్ విభాగంలో పనిచేసిన రోజుల్లో నేను తెలుగు చదవడం, రాయడం నేర్చుకున్నాను. ఆ కారణం చేతే కాబోలు, తెలుగు ఇళ్లవాళ్ల పని ఒకటి రాగానే నన్ను అక్కడికి పంపారు.

శాఖ అంటే పెద్దదేమీ కాదు. ఒకప్పుడు అగ్గిపెట్టెల గోదాముగా ఉన్న భవనం మేడమీద పద్నాలుగు కంప్యూటర్లు, పద్దెనిమిది మంది. డైరెక్టర్ సెల్వి. నాకంటే పాతికేళ్లు చిన్నది, హోదాలో నా పైఅధికారి. తమిళమే మాట్లాడేది. నన్ను అక్కా అని పిలిచేది, నా కాగితాలను మాత్రం నిర్దాక్షిణ్యంగా తిప్పి పంపేది.

పని విరుదునగర్ నుంచి వచ్చింది. అక్కడ పత్తి వ్యాపారం చేసే రాజగోపాల్ మామ, మరికొన్ని తెలుగు కుటుంబాలు కలిసి తమ కులదేవత రేగడమ్మ కథను ఇరవై రెండు నిమిషాల బొమ్మల సినిమాగా తీయించదలిచారు. గుడి పండక్కి మంటపంలో తెర కట్టి ఇంటిల్లిపాదికీ చూపించాలి. తరవాత అందరూ చూడదగ్గదన్న యు సర్టిఫికెట్ తీసుకుని బయట కూడా విడుదల చేయాలి. ఆయన నాకు చుట్టరికమేమీ కాదు, కానీ మా వైపు పెద్దవాళ్లను మామా అనడమే అలవాటు.

కథ చెప్పింది ఆయన తల్లి సీనమ్మ అవ్వ. ఎనభై దాటిన మనిషి. సెల్వి, నేను వినడానికి వెళ్లిన రోజు పత్తి గోదాము పక్క వసారాలో కూర్చుని చెప్పింది.

"సోసాసురుడని ఒకడు. బాయిలో నీళ్లు తాగినాడు, చెరువులో నీళ్లు తాగినాడు. ఆవు పొదుగులో పాలు కూడా వదల్లేదు. ఏడ్సేదానికి కండ్లల్లో నీళ్లు కూడా లేవు జనాలకి. అప్పుడు అమ్మ కొడవలి తీసుకోని వచ్చినాది. ఏడు దినాలు సండ పోట్లాడినాది. ఏడో దినం తల నరికినాది. వాడి నెత్తురు బూమంతా పారి, ఎండి నల్లగా అయిపోయినాది. అదే మన నల్ల రేగడి. వాన రాకపోయినా తేమ పట్టుకుంటాది చూడు, వాడు తాగిన నీళ్లమ్మా అవి."

మామ వెంటనే మా ఇద్దరివైపు తిరిగి, "నెత్తురు ఉండకూడదు. పిల్లకాయలు చూస్తారు" అన్నాడు. ఆ వెంటే, "కాని తల తెగాల. అది లేకపోతే కత లేదు" అన్నాడు.

బస్సులో తిరిగొస్తూ ఆ రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాను. సాత్తూరు దాటినా ఏమీ తేలలేదు.

సీన్ వివరణ అంటే ఏమిటో చెప్పాలి. కథకూ బొమ్మకూ మధ్య ఉండే కాగితం అది. కథలో "ఘోరయుద్ధం జరిగింది" అని రాసుకోవచ్చు. సీన్ వివరణలో ఆ మాటకు విలువ లేదు, ఎందుకంటే స్టోరీబోర్డ్ గీసేవాడు దాన్ని గీయలేడు. చోటు ఎక్కడ, పగలా రాత్రా, ఫ్రేములో ఎవరున్నారు, ఎటునుంచి ఎటు కదులుతున్నారు, మనకు ఏం కనిపిస్తుంది, ఏం వినిపిస్తుంది, ఎన్ని సెకన్లు - ఇవే రాయాలి. వర్తమాన కాలంలో రాయాలి. వీలైనంత వరకు ఒక వాక్యానికి ఒక షాట్. మనసులో ఏమనుకుంటున్నారో రాయకూడదు, ముఖంలో ఏం మారిందో రాయాలి. ఆ కాగితం చూసి స్టోరీబోర్డ్ గీస్తారు. ఆ బొమ్మలను వరసగా పేర్చి, ఒక్కోటి ఎన్ని సెకన్లు ఉండాలో కొలిచి, తాత్కాలికంగా మాటలు, చప్పుళ్లు చేర్చి చూసుకుంటారు. దాన్ని యానిమాటిక్ అంటాం. బొమ్మలు కదలవు, కాని సినిమా నడక తెలిసిపోతుంది. అక్కడిదాకా మార్పులు తేలిక. ఆ తరవాత సెకనుకు ఇరవై నాలుగు ఫ్రేముల లెక్కన యానిమేషన్ మొదలైతే, ఒక్క షాట్ మార్చాలన్నా నలుగురికి వారం రోజుల పని.

ఇంటిల్లిపాదీ చూసే యుద్ధానికి మాకు కొన్ని కట్టుబాట్లుండేవి. దెబ్బ వేయడం, దెబ్బ తగలడం ఒకే షాట్‌లో ఉండకూడదు. ఆయుధం ఆయుధానికో బండకో తగలాలి, ఒంటికి తగలకూడదు. గాయాన్ని దగ్గరగా చూపకూడదు. నొప్పితో ఉన్న ముఖం మీద కెమెరాను నిలపకూడదు. దెబ్బ పడే క్షణంలో చూస్తున్నవాళ్ల వైపు తిప్పాలి. ఆవు చెవులు నిక్కబొడుచుకుంటాయి, కాకి కొమ్మ వదిలి లేస్తుంది, అంతే. శబ్దం విషయంలో కూడా ఇంతే. లోహం మాంసానికి తగిలిన చప్పుడు బదులు ఉరుమి అనే డోలు మోత వాడతాం. అన్నిటికంటే గట్టి నియమం, ఇంట్లో పిల్లల చేతికి అందే వస్తువు ఆయుధంగా కనిపించకూడదు.

కొడవలి దగ్గరే మొదటి చిక్కు వచ్చింది. సెల్వి దాని బదులు వెలుగు చక్రం పెట్టమంది. అవ్వకు ఫోన్లో చెబితే, "అమ్మ సేద్యం చేసే ఆడది. చక్రం ఎవురు ఇచ్చినారు ఆమెకి?" అంది. రెండూ న్యాయంగానే తోచాయి. చివరకు కొడవలినే మనిషికంటే ఎత్తుగా, నెలవంకలా, అంచు వెలుగుతూ ఉండేట్టు గీయించాం. దాన్ని చూసి ఏ పిల్లా వంటింటి కత్తి కోసం వెతకదు.

ఆఖరి పోరాటం మాత్రం కొరుకుడు పడలేదు. మొదట ఉన్నది ఉన్నట్టు రాశాను. సెల్వి ఒక్క చూపు చూసి తిప్పి పంపింది. రెండోసారి తల తెగే క్షణంలో తెర తెల్లబడి పూలు రాలేట్టు రాశాను. పెళ్లి వీడియోలా ఉందంది. మూడోది ఇలా రాశాను:

"సీన్ ముప్పై ఒకటి. బయట, పగలు. ఎండిన చెరువు అడుగు. రేగడమ్మ ఎడమ నుంచి పరుగున వచ్చి కొడవలి ఎత్తుతుంది. అంచు మెరుస్తుంది. కట్. గట్టు మీద ఆవు తల తిప్పుకుంటుంది. ఉరుమి మోత ఒక్కసారి. కట్. దుమ్ము మేఘం తెరంతా కమ్ముతుంది. దుమ్ము తగ్గుతుంది. అసురుడు లేడు. అతని నీడ భూమి మీద పరుచుకుని, ఇంకి, నల్లబడుతుంది."

చివరి వాక్యం రాసినప్పుడు నాకు గర్వంగానే ఉంది. నెత్తురు లేకుండా నేల నల్లబడింది కదా అనుకున్నాను. సెల్వి కూడా ఏ మార్పూ లేకుండా సంతకం పెట్టింది. మూడు వారాల్లో యానిమాటిక్ తయారైంది.

దాన్ని రాజగోపాల్ మామ ఇంట్లో పది పన్నెండు కుటుంబాలకు చూపించాం. పెద్దవాళ్లు చప్పట్లు కొట్టారు. పిల్లలు కిక్కురుమనలేదు. నిశ్శబ్దంగా చూశారని నేను సంతోషించాను. పిల్లలు నిశ్శబ్దంగా ఉంటే ఎందుకున్నారో అడగాలన్న ఇంగితం అన్నేళ్ల ఉద్యోగంలో నాకు రాకపోవడం ఇప్పటికీ వింతగా ఉంటుంది.

మూడో రోజు పొద్దున మామ ఫోన్ చేశాడు. గొంతులో కోపం, భయం కలిసి ఉన్నాయి.

"ఏమి తీసినారమ్మా మీరు? మా మనవరాలు నివేద నీళ్లు తాగదు. పైపు దగ్గరికి పోదు, స్నానానికి పోదు. నిన్న రాత్రి జొరం వచ్చినాది. డాక్టరు ఒళ్లు ఎండిపోయినాదని చెప్పి సెలైన్ ఎక్కించినాడు. ఆరేండ్ల బిడ్డ. ఏమీ లేదని కదా చెప్పితిరి, నెత్తురే లేదని?"

ఇక ఆ సినిమా మాకొద్దు, మిగతావాళ్లు కూడా అదే అంటున్నారు అని చెప్పి పెట్టేశాడు.

మాకున్న కట్టుబాట్లన్నీ తుచ తప్పకుండా పాటించిన సీన్ అది. సెల్వి, నేను యానిమాటిక్‌ను షాట్ షాట్‌కూ ఆపి చూశాం. ఒక దెబ్బ లేదు, ఒక గాయం లేదు, ఒక కేక కూడా లేదు. సెల్వి నావైపు చూసి, "దీంట్లో భయపడడానికి ఏముంది అక్కా?" అని నిజంగానే అడిగింది. ఆ పని పోతే శాఖ కూడా మూతపడే స్థితిలో ఉందని ఆమెకు తెలుసు, నాకు తెలుసు.

మర్నాడు విరుదునగర్ వెళ్లాను. మామ నన్ను కూర్చోమనలేదు. అవ్వే లోపలికి పిలిచింది. నివేద సెలైన్ ఎక్కించిన చేతికి ప్లాస్టరుతో మంచం మీద కూర్చుని ఉంది. పక్కన లేత కొబ్బరిబోండం. అది మాత్రం తాగుతోందట, కాయలోకి వాడు దూరలేడని.

సినిమాలో ఏం చూశావో చెప్పమ్మా అని అడిగాను. ఆ పిల్ల వరస తప్పకుండా చెప్పింది. అమ్మ పరుగెత్తింది, ఆవు అటు తిరిగింది, పొగ వచ్చింది.

"ఆవు ఎందుకు అటు తిరిగింది?"

"బయమేసి."

"తరవాత?"

"వాడు నీడ అయిపోయినాడు."

"అంటే చచ్చిపోయాడు కదా?"

తల అడ్డంగా ఊపింది. "చావలేదు. బూమిలోకి పోయినాడు. నీడ పోయినాది కదా? పైపు బూమిలోనుంచే కదా వస్తాది? అవ్వ కూడా చెప్పినాది, వాడు తాగిన నీళ్లే బూమిలో ఉండాయని."

నేను అవ్వ వైపు చూశాను. అవ్వ నా వైపు చూసింది. తప్పు ఎవరిదని ఎవరం అనుకోవాలి? పిల్ల లెక్కలో ఎక్కడా పొరపాటు లేదు. వాడు పోయాడని నేను రాశాను గాని, ఎక్కడికి పోయాడో రాయలేదు. నీడ నేలంతా కమ్మిందని కవిత్వం కోసం రాశాను. గీసినవాడు దాన్ని అక్షరాలా గీశాడు. ఆరు సెకన్ల షాట్‌లో అసురుడి ఆకారం నేలలోకి ఇంకిపోతుంది. నెత్తురు దాచే హడావుడిలో చావును కూడా దాచేశాను.

"నేను చెప్పేటప్పుడు ఒక్క బిడ్డ కూడా బయపడలేదే," అంది అవ్వ. "తల నరికినాది అంటాను. నవ్వుతారు. నువ్వు నరకలేదు, వీళ్లకి నిద్ర పట్టలేదు. ఇదేమి న్యాయం?"

ఆ మాట నన్ను మరింత గందరగోళంలో పడేసింది. అయితే తల నరకడమే చూపించాలా? చెబితే నవ్వేదానికే, చూపిస్తే ఏడుస్తారని నా అనుభవం. దాచినా ఏడ్చారు. మరి ఏం చేయాలి?

బయటికి వస్తుంటే గోదాములో పని నడుస్తోంది. ఇద్దరు కూలీలు ఒక పత్తి బేలు కట్లు కోస్తున్నారు. రాయిలా బిగిసి ఉన్న బేలు, ఒక్కో కట్టూ తెగేకొద్దీ ఒళ్లు విరుచుకుని వదులై, లోపల అదిమిపెట్టిన పత్తంతా పొంగి నేలమీదికి జారింది. కాసేపటికి బేలు ఆకారమే లేదు. అందులో ఉన్నదేమిటో, అది ఎక్కడికి పోయిందో గోదాములో ఉన్న అందరికీ కనిపిస్తూనే ఉంది. నేను అక్కడే నిలబడి మూడు బేళ్లు కోసేదాకా చూశాను. మామ గుమ్మంలోంచి, "ఇంకా ఏమి చూస్తుండావు?" అని కసురుకున్నాడు. ఒక్క వారం టైమివ్వండి మామా, ఇంకొక్కసారి చూడండి, ఆ తరవాత వద్దంటే వద్దు అన్నాను. ఆయన సరే అనలేదు, కాదనీ అనలేదు.

కొత్త సీన్ బస్సులోనే రాశాను. అసురుడి పొట్ట తాగిన నీళ్లతో కొండంత ఉంటుంది, దాన్ని ఒక పెద్ద మోకుతో బిగించి కట్టుకుని ఉంటాడు. కొడవలి తగిలేది మోకుకు, ఒంటికి కాదు.

"సీన్ ముప్పై ఒకటి. బయట, మిట్టమధ్యాహ్నం, ఎక్కడా నీడ లేదు. ఎండిన చెరువు అడుగు, నేల తెల్లగా బీటలు వారి ఉంది. అసురుడు, రేగడమ్మ ఇద్దరూ తల నుంచి పాదం దాకా ఫ్రేములో ఉంటారు. కొడవలి మోకును తాకుతుంది. మోకు తెగుతుంది. నీళ్లు బయటికి దుముకుతాయి. కట్ లేదు. నీళ్లు పోయేకొద్దీ అసురుడు తగ్గుతాడు: తాటిచెట్టంత, ఎద్దంత, మేకంత, అరచేయంత. తన చేతులు తానే చూసుకుని ఆశ్చర్యపోతాడు. మట్టిబొమ్మగా మారి ఆగిపోతాడు. రేగడమ్మ ఆ బొమ్మను తీసి కొంగున ముడివేసుకుంటుంది. నీరు తగిలిన మేర తెల్లనేల నల్లగా మారుతుంది. ఆవు వంగి తాగుతుంది. పిల్లలు తాగుతారు. పంతొమ్మిది సెకన్లు."

సెల్వి చదివి అభ్యంతరాలు వరసగా చెప్పింది. పంతొమ్మిది సెకన్లు కట్ లేకుండా అంటే పెద్ద షాట్. నీళ్లు గీయడం అన్నిటికంటే కష్టం. అదిగాక అసురుడి మోడల్ షీట్‌లో, అంటే ఆ పాత్రను అన్ని వైపుల నుంచీ గీసి అందరికీ ఇచ్చే మూలచిత్రంలో, మోకు లేదు. ఇప్పుడు చేరిస్తే అతను కనిపించే ముప్పైకి పైగా షాట్లలో స్టోరీబోర్డ్ మళ్లీ గీయాలి. అన్నీ నిజాలే. అన్నీ చెప్పి, కాగితం కింద సంతకం పెట్టి, గీసేవాళ్లను పిలిచింది. ఆ వారం ఎవరం ఆదివారం కూడా ఇంట్లో లేం.

వారం చివర రెండో యానిమాటిక్‌ను మామ ఇంటికి తీసుకెళ్లి నివేదకు చూపించాం. పిల్ల తల్లి ఒడిలో కూర్చుని, సగం కళ్లు మూసుకుని చూసింది. అసురుడు మేకంత అయినప్పుడు కళ్లు పూర్తిగా తెరిచింది. బొమ్మ కొంగులో ముడిపడ్డాక మళ్లీ వేయమంది. మూడుసార్లు వేశాం.

"ఇప్పుడు వాడు ఎక్కడుండాడు?" అని అవ్వ అడిగింది.

"అమ్మ కొంగులో." మళ్లీ తెర వైపు చూసి, "పాపం, చిన్నగా అయిపోయినాడు" అంది.

ఇక్కడ మామ మళ్లీ ముఖం చిట్లించాడు. "అసురుడి మీద పాపం ఏంది? ఇదేనా మేము అడిగినది?" అని నన్ను అడిగాడు. నిజం చెప్పాలంటే నేను ఆ మాట రాయలేదు. చేతులు చూసుకుని ఆశ్చర్యపోతాడు అని రాశానంతే. జాలి ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలియదు. దాన్ని తీసేయాలా ఉంచాలా అని సెల్వి, నేను రెండు రోజులు వాదించుకున్నాం. ఎవరు ఏ వైపు ఉన్నామో కూడా మధ్యలో తారుమారైంది. చివరకు ఉంచాం. ఎందుకంటే ఆ పిల్ల యానిమాటిక్ అయ్యాక తనంతట తాను పెరట్లోకి వెళ్లి, పైపు తిప్పి, దోసిలి పట్టి తాగింది. అది చూశాక మామ తల తెగలేదన్న మాట కూడా ఎత్తలేదు.

సినిమా పండక్కి పూర్తయింది. యు సర్టిఫికెట్ ఒక్క కోత లేకుండా వచ్చింది. మంటపంలో వేసిన రోజు నేను అవ్వ పక్కనే కూర్చున్నాను. నీళ్లు పారి నేల నల్లబడినప్పుడు ముందు వరసల్లో పిల్లలు కేకలు పెట్టారు. అవ్వ మాత్రం కదల్లేదు. దీపాలు వెలిగాక ఎలా ఉందవ్వా అని అడిగాను.

"బాగుండాది," అంది. "మా అవ్వ నాకి చెప్పిన కత ఇది కాదు. అయినా ఇంక ఇదే కత. ఆ బిడ్డ రేపు దీన్నే చెప్తాది." మెచ్చుకోలో, నిష్ఠూరమో నేను తేల్చుకోలేకపోయాను. ఇంకోసారి అడగబోయేలోపు చుట్టాలెవరో వచ్చి ఆమెను లేపి తీసుకుపోయారు.

ఆ తరవాత రిటైరయ్యేదాకా రాసిన ప్రతి పోరాట సీన్‌లోనూ చివరి వాక్యం ఒకే పని చేసింది. ఓడినవాడు ఎక్కడున్నాడో, ఏ స్థితిలో ఉన్నాడో వెలుతురులో, ఫ్రేము మధ్యలో చెప్పింది. దెబ్బను దాచవచ్చు, దాని ఫలితాన్ని దాచకూడదు. ఫలితం దాస్తే, మనం రాయని దాన్ని పిల్లలే పూర్తి చేసుకుంటారు. వాళ్లు పూర్తి చేసేది మనం రాయగల దేనికంటే భయంకరంగా ఉంటుంది. రెండోది, స్టోరీబోర్డ్ గీసేవాడికి పోయే కాగితంలో అలంకారం ఉండకూడదు. రాసినదంతా బొమ్మ అవుతుంది. కొత్తగా చేరినవాళ్లకు ఈ రెండూ చెప్పేదాన్ని. తల నరికిందంటే నవ్వే పిల్లలకు నరక్కపోతే నిద్ర పట్టకపోవడం ఏం న్యాయమని అవ్వ అడిగిన మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు, దానికి జవాబు ఇంకా వెతుకుతున్నాను.